అర్జీలో పొడుగు వాక్యం కుదించడం ఎలా?

"ఈ అర్జీ కావలి మండలాఫీసులో ఇవ్వాలి అన్నా. ఈ వాక్యాన్ని ఒక్క వివరం కూడా పోకుండా తగ్గించేదెట్లా? 'తమరికి తెలియజేయునది ఏమనగా, మా వీధిలో ఉన్నటువంటి చేతిపంపు అనేది గత నెల 12 నుంచి పనిచేయని పరిస్థితి నెలకొని ఉన్నందువల్ల సుమారు 40 కుటుంబాల వారు నీళ్ల కోసం అర కిలోమీటరు దూరంలో ఉన్నటువంటి బావికి వెళ్లడం జరుగుతోంది.'"

తమ్ముడూ, ముందు 'తమరికి తెలియజేయునది ఏమనగా' తీసెయ్, అర్జీ అంటేనే తెలియజేయడం కదా. 'ఉన్నటువంటి', 'అనేది' తీసినా అర్థం చెక్కుచెదరదు. అసలు బరువంతా క్రియల దగ్గరుంది: 'పనిచేయని పరిస్థితి నెలకొని ఉన్నందువల్ల' అంటే 'పనిచేయనందువల్ల', అంతే. 'వెళ్లడం జరుగుతోంది' బదులు 'వెళ్తున్నాయి' అంటే వెళ్లేది కుటుంబాలని సూటిగా తెలుస్తుంది.

"మా వీధి చేతిపంపు గత నెల 12 నుంచి పనిచేయనందువల్ల సుమారు 40 కుటుంబాలు నీళ్ల కోసం అర కిలోమీటరు దూరంలోని బావికి వెళ్తున్నాయి."

చాలామంది తప్పు చేసేది 'సుమారు' దగ్గర. అది ఊతపదంలా కనిపిస్తుంది గానీ తీసేస్తే 40 కచ్చితమైన లెక్క అయిపోతుంది, రేపు విచారణకొచ్చినాయన 37 ఇళ్లే ఉన్నాయంటే నీ అర్జీ మీదే అనుమానం వస్తుంది. '-అందువల్ల' కూడా ఉంచు, అది పోతే పంపు చెడిపోవడానికీ బావికి వెళ్లడానికీ సంబంధం తెగిపోతుంది.

అయ్యాక పాత వాక్యాన్నీ కొత్త వాక్యాన్నీ పక్కపక్కన పెట్టుకుని ఏది, ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎందరు, ఎంత దూరం, ఎందుకు అని రెండింటినీ అడుగు. ఏ ప్రశ్నకైనా జవాబు మారిందంటే అక్కడ అవసరమైన మాటే కోసేశావు, దాన్ని తిరిగి పెట్టెయ్.