టెక్ సందేహాలు: షీట్ 15 కేజీలు అంటోంది, మేస్త్రి 52 అంటున్నాడు

ప్రశ్న: సార్, బోడుప్పల్‌లో మా ఇంటిపై మొదటి అంతస్తు వేస్తున్నాం. బాల్కనీ 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్లు బయటికి వస్తుంది, మందం 125 ఎంఎం. పై స్టీలు 10 ఎంఎం రాడ్లు, 150 ఎంఎం దూరంలో అని డ్రాయింగ్‌లో ఉంది. గూగుల్ షీట్స్‌లో లెక్కేస్తే 15 కేజీలు కూడా రాలేదు. మేస్త్రి మాత్రం ఏడు రాడ్లు, అంటే 52 కేజీలు తెమ్మంటున్నాడు. మోసం చేస్తున్నాడా, నా షీట్ తప్పా?

జవాబు: మేస్త్రిని అనుమానించకండి, తప్పు షీట్‌లోనే ఉంది. మీరు 3000ని 150తో భాగించి 20 రాడ్లు అనుకుని, ఒక్కో రాడ్డు పొడవు 1.2 మీటర్లే పెట్టి ఉంటారు. అలా చేస్తే సరిగ్గా 14.8 కేజీలే వస్తుంది. కానీ బాల్కనీకి బయట ఆధారం ఏమీ లేదు, పై రాడ్డు ఇంట్లోని స్లాబ్‌లోకి లోతుగా వెళ్లి వెనక నుంచి పట్టుకుంటేనే అది నిలబడుతుంది, కాబట్టి బయట కనిపించే పొడవు కన్నా లోపల దాగే పొడవే ఎక్కువ. మామూలుగా బీమ్ బయటి అంచు నుంచి లోపలికి, బయటికి వచ్చినదానికి ఒకటిన్నర రెట్లు ఇస్తారు. ఎం20 కాంక్రీటు, ఎఫ్ఈ500 రాడ్డు అయితే అది రాడ్డు మందానికి 57 రెట్లకు తగ్గకూడదు. రెండింట్లో ఏది పెద్దదైతే అది.

B1లో ప్రొజెక్షన్, B2లో పొడవు, B3లో మందం, B4లో స్పేసింగ్, B5లో రాడ్డు సైజు, B6లో రాడ్డును కప్పి ఉంచే కాంక్రీటు మందం, అంటే కవర్ (20) పెట్టండి. అన్నీ ఎంఎంలోనే. మధ్యలో ఒక్క అంకె అంగుళాల్లో పడిందంటే షీట్ ఎర్రర్ కూడా చూపించదు, నవ్వుతూ తప్పు చెబుతుంది.

```
B7:  =B1*B2*B3/10^9
B8:  =ROUNDUP((B2-2*B6)/B4,0)+1
B9:  =MAX(1.5*B1,57*B5)
B10: =(B1-B6+B9+B3-2*B6)/1000
B11: =B8*B10*B5^2/162
```

B7 కాంక్రీటు: 0.45 ఘనపు మీటర్లు. B8లో 21 రాడ్లు వస్తాయి, ఎందుకంటే ఖాళీలు 20 ఉంటే రాడ్లు 21 కావాలి, ఆ చివరి +1 చాలామంది మర్చిపోయేదే. B9లో 1800. B10లో బయటి కొసన కిందికి వంచే 85 ఎంఎం కూడా కలుపుకుని ఒక్కో రాడ్డు 3.065 మీటర్లు. B11లో బరువు 39.7 కేజీలు.

మరి 52 ఎక్కడిది? షాపులో రాడ్డు 12 మీటర్లు. దాన్నుంచి 3.065 ముక్కలు మూడే వస్తాయి, 2.8 మీటర్లు మిగులుతుంది, నాలుగోదానికి కొద్దిలో చాలదు. 21 ముక్కలకు ఏడు రాడ్లు, మేస్త్రి నోటిలెక్క అదే. ఇక్కడ ఒక చిన్న ఆదా ఉంది: లోపలి 1800ని 1735కి తగ్గిస్తే ముక్క సరిగ్గా 3 మీటర్లు, రాడ్డుకు నాలుగు, మొత్తం ఆరు రాడ్లతో పని అయిపోతుంది. కానీ మీ స్ట్రక్చరల్ ఇంజనీర్ సరే అంటేనే. అడ్డంగా కట్టే 8 ఎంఎం రాడ్లు ఈ షీట్‌లో లేవు. బాల్కనీ వరకు 300 ఎంఎం దూరంలో ఐదు వేస్తే ఇంకో 6 కేజీలు.

ఇదంతా ఎంత తేవాలో చెప్పే షీటే, 125 మందం చాలుతుందా అన్నది దీనికి తెలియదు. 1.2 మీటర్ల బాల్కనీకి, అందులోనూ కొసన ఇటుక గోడ కడుతుంటే, ఆ మందం అంచుమీదే ఉంటుంది. ఇంజనీర్‌ను ఒకసారి అడగండి.

షీట్‌లో కనిపించని ఇంకో సంగతి, నాకు బాగా తగిలినది. మా ఇంటి స్లాబ్ రోజు కాంక్రీటు మోసేవాళ్లు పై రాడ్ల మీదే నడిచారు, సాయంత్రానికి అవి సెంట్రింగ్ వైపు కుంగిపోయాయి. లెక్క చూస్తే భయమేస్తుంది: మీ బాల్కనీలో రాడ్డు 40 ఎంఎం కిందికి దిగితే కేజీలు అవే, కానీ మోసే బలం దాదాపు సగానికి పడిపోతుంది. బీమ్ గీత వెంబడి స్లాబ్ పైన పొడుగ్గా పగులు వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అందుకే కాంక్రీటు పోయకముందు టేపు పట్టుకుని కొలవండి: సెంట్రింగ్ షీటు నుంచి రాడ్డు పైభాగం 105 ఎంఎం ఎత్తులో ఉండాలి. కిందికి ఉంటే పై రాడ్లను ఎత్తి పట్టే చైర్లు పెంచమనండి, నడవడానికి పైన పలకలు వేయమనండి, కాంక్రీటు పడుతున్నప్పుడు మధ్యలో ఇంకోసారి చూడండి.