దుప్పటి మూడుసార్లు లాగితే గది మారిపోవాలి: పెయింట్, టైల్స్ షాపు యాడ్

ప్రశ్న: "గుణుపురంలో మాది పెయింట్, టైల్స్ షాపు. పండగ ముందు లోకల్ కేబుల్‌కీ వాట్సాప్‌కీ 30 సెకన్ల యాడ్ చేయించాలి. ఒకే గది మూడుసార్లు టకటకా మారాలి, ఏ సరుకు వల్ల మారిందో పేరు స్పష్టంగా తెలియాలి. స్క్రిప్టు ఎలా రాయాలి?"

నాది రాయగడలో పెళ్లి వీడియోల స్టూడియో. మా బావకి మీలాంటి షాపే ఉంది. ఆయన కోసం ఇలాంటి యాడ్లు రెండు తీశాను. మొదటిది చేతులారా పాడుచేశాను, రెండోది పనికొచ్చింది. కాబట్టి ముందు మొదటిదాని సంగతే చెబుతాను.

అందులో షాపులో ఉన్నవన్నీ చెప్పేయాలని బావకి ఆత్రం. 30 సెకన్లలో తొంభై మాటలు, పది సరుకుల పేర్లు. చెప్పినాయన ఊపిరి తీసుకోకుండా చదివాడు. కేబుల్‌లో వేశాక జనం వచ్చారు, రాలేదని కాదు. కానీ వచ్చినవాళ్లు "టీవీలో చూపించిన ఆ నీలం గోడది ఇవ్వండి" అనేవారు. ఏ నీలమో, ఏ రకమో ఒక్కరికీ గుర్తులేదు. బావ ప్రతిసారీ షేడ్ కార్డు మొత్తం విప్పి పరిచేవాడు.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. చూడ్డానికి బాగుంటుందని ముందు గోడ రంగు మారినట్టు, ఆ తర్వాత నేల మారినట్టు చూపించాను. షాపుకి వచ్చిన ఒక తాపీమేస్త్రీ అది చూసి నవ్వాడు. "ఏటి బాబూ, రంగేసినాక టైల్సు కోస్తారేటి?" అన్నాడు. టైల్ కోసిన దుమ్ము, సిమెంటు చిందులు కొత్త రంగు మీద పడితే గోడ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఆఖరి కోటు ఎప్పుడూ నేల పని అయ్యాకే వేస్తారు. మీ షాపుకి సరుకు రాయించేది సగం మేస్త్రీలే. వాళ్లు నవ్వితే యాడ్ పోయినట్టే.

రెండోసారి అందుకే రెండు సంగతులు పట్టుకున్నాం. ఒక్కో మార్పుకి ఒక్కటే సరుకు, ఒక్కటే పేరు. మార్పుల వరస నిజంగా పని జరిగే వరసే: ముందు గోడకి పుట్టీ, తర్వాత నేలకి టైల్, ఆఖర్న రంగు. పుట్టీలో ఏం అందం ఉంటుందని బావ పెదవి విరిచాడు. పెచ్చులూడిన సున్నం గోడ పక్కన తెల్లగా, నున్నగా ఉన్న గోడ కనబడితే అంతకన్నా పెద్ద మార్పు ఇంకేం కావాలి? పైగా పుట్టీ మీద వేసే ప్రైమర్ కూడా తెల్లనిదే కాబట్టి, టైల్ వేసే రోజుకి గోడ తెల్లగానే ఉంటుంది. రెండో మార్పులో గోడ ఎందుకు అలా ఉందని ఎవరూ అడగరు.

మార్పు చూపించడానికి దుప్పటి వాడాం. ఇంటావిడ పాత దుప్పటిని కెమెరాకి అడ్డంగా పట్టుకుని ఒక పక్కకి లాగేస్తుంది, వెనక గది మారి ఉంటుంది. తెర మొత్తాన్ని దుప్పటి కప్పిన క్షణంలో కట్ చేస్తాం. మూడుసార్లూ అదే దుప్పటి, అదే వైపుకి. రెండోసారికే చూసేవాళ్లకి అలవాటైపోయి, మూడోసారి ఏం వస్తుందా అని ఎదురుచూస్తారు. స్క్రిప్టు ఇదీ, మీ పేర్లు పెట్టుకుని వాడుకోండి:

0 నుంచి 5 సెకన్లు. పాత గది. గోడ సున్నం రాలుతోంది, సిమెంటు నేల బీటలు వారింది. అత్త గోడకి ఆనుకుని లేచి, చీర వెనక్కి తిప్పి చూసుకుంటుంది.
అత్త: "గోడకి ఆనుకుంటే చాలు, చీరంతా సున్నమే!"

5 నుంచి 11. కోడలు దుప్పటి లాగుతుంది. తెల్లటి నున్నని గోడ. కోడలి అరచెయ్యి గోడ మీద జారుతుంది.
వెనక గొంతు: "ముందు గోడ నునుపు. వాల్ పుట్టీ."
తెర మీద: వాల్ పుట్టీ

11 నుంచి 17. దుప్పటి. నేలంతా కొత్త టైల్. కోడలు నేల మీద స్టీలు గ్లాసు పెడుతుంది, టంగుమని చప్పుడు.
వెనక గొంతు: "తర్వాత నేల. విట్రిఫైడ్ టైల్, రెండు బై రెండు."
తెర మీద: విట్రిఫైడ్ టైల్ 2×2

17 నుంచి 24. దుప్పటి. గోడకి రంగు. అత్త భయం భయంగా ఆనుకుంటుంది, లేచి చీర చూసుకుంటుంది.
వెనక గొంతు: "ఆఖర్న రంగు. శాటిన్ ఎమల్షన్."
అత్త: "చీర శుభ్రంగానే ఉందే!"
తెర మీద: శాటిన్ ఎమల్షన్, కింద షేడ్ పేరు, నంబరు

24 నుంచి 30. షాపు కౌంటర్ మీద పుట్టీ బస్తా, ఒక టైల్, రంగు బకెట్ పక్కపక్కన.
వెనక గొంతు: "పుట్టీ, టైల్, ఎమల్షన్. మూడూ ఒక్క షాపులోనే." షాపు పేరు, ఫలానా చోటు ఎదురుగా.

షాపు పేరుతో కలిపి లెక్కేస్తే 35 మాటలు దాటవు. తక్కువైందని భయపడి నింపకండి. పేరు పలికే ముందు అర సెకను ఖాళీ ఉండాలి. దుప్పటి పక్కకి పోయి గది కనబడ్డాక పేరు వినబడాలి, ముందే వినబడితే కన్ను దుప్పటి మీద ఉండి చెవి దాన్ని వదిలేస్తుంది. తెర మీది అక్షరాలు కనీసం మూడు సెకన్లు కదలకుండా ఉండాలి. తిరుగుతూ, మెరుస్తూ వచ్చే అక్షరాలు మాకు పెళ్లి వీడియోల్లో బాగానే ఉంటాయి గానీ ఇక్కడ వద్దు. కంపెనీ పేరు కూడా పెట్టాలంటే సరుకు పేరు కింద చిన్నగా పెట్టండి. లోగో వాడుకునే ముందు మాత్రం మీ డీలర్ మనిషిని ఒక మాట అడగండి.

తెర మీద ఏ లిపిలో రాయాలన్నది ఒడిశాలో ఉండే మనకి అసలు చిక్కు. మన పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదువు ఒడియా బళ్లో. మా ఇంట్లోనే మా మేనల్లుడు తెలుగు సినిమా మొత్తం చూస్తాడు, పోస్టర్ మీద పేరు మాత్రం నన్నడుగుతాడు. అందుకని గొంతు తెలుగులో ఉంచి, సరుకు పేరు ఒడియా అక్షరాల్లోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ వేశాం. పుట్టీ, ఎమల్షన్, టైల్ అన్నవి రెండు భాషల్లోనూ అవే మాటలు కాబట్టి చిక్కురాలేదు. బస్తా మీద, బకెట్ మీద కూడా అవే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి, కొనేవాడు పోల్చుకుంటాడు.

ఇక తీయడం. స్క్రిప్టు ఎంత బాగున్నా నాలుగు షాట్లలో గది ఒక్కచోటే నిలబడకపోతే దుప్పటి మాయ తేలిపోతుంది. ఈ నాలుగు షాట్లకీ మధ్య మాకు పది రోజులకి పైగా పట్టింది. పుట్టీ రెండు కోట్లు, ఆరాక ఎమరీ కాగితంతో రుద్దడం, ప్రైమర్, తర్వాత టైల్ పరచడం, మర్నాడు గ్రౌట్, అప్పుడు రంగు. అన్నాళ్లు స్టాండ్ గదిలో వదిలేయలేం. నేల మీద టేపు గుర్తులు పెడదామనుకున్నాను, తర్వాత వెలిగింది: ఆ నేల మీదే కదా టైల్స్ పరిచేది! గుర్తులు పోతాయి, పైగా సిమెంటు పరుపుతో నేల అంగుళమో రెండంగుళాలో పైకి లేస్తుంది, కెమెరా ఎత్తు మారిపోతుంది. అందుకని స్టాండ్‌ని గది బయట వరండాలో పెట్టి, గుమ్మంలోంచి తీశాం. గుమ్మం చట్రం నాలుగు షాట్లలోనూ ఒకేలా ఉంటుంది, సరిచూసుకోవడానికి అదే కొలత. మొదటి రోజు ఫోటో ఒకటి ఫోన్లో ఉంచుకుని ప్రతిసారీ దాంతో పోల్చుకున్నాను.

వెలుతురు సంగతి. ఫోన్ని దాని ఇష్టానికి వదిలేస్తే, గోడ తెల్లబడగానే అది మొత్తం చిత్రాన్ని చీకటి చేసేస్తుంది. కొత్త గోడ పాత గోడకన్నా మురికిగా కనబడుతుంది! మీగడ రంగు కాస్తా నీలంలోకి పోతుంది. ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ చేత్తో పెట్టి ఆ అంకెలు కాగితం మీద రాసుకోండి, నాలుగుసార్లూ అవే వాడండి. షట్టర్ 1/50 పెడితే మన కరెంటుకి ట్యూబులైటు, ఎల్‌ఈడీ మినుకుమినుకులు రావు. రోజూ ఒకే వేళకి తీయండి, మేం పొద్దున్న పదికి తీశాం. పాలిష్ టైల్ మీద ఎదుటి కిటికీ వెలుగు అద్దంలోలా మెరుస్తుంది. మాట్ టైల్ అయితే ఆ బెడద ఉండదు. శాటిన్‌కి సన్నటి మెరుపు ఉంటుంది కాబట్టి, కిటికీ వెలుగు పక్కనుంచి పడితే గోడ మీది ఎత్తుపల్లాలన్నీ తెర మీద తేలతాయి. పుట్టీ రుద్దేటప్పుడే లైటు గోడకి ఆనించి పట్టుకుని చూసుకోమని పెయింటర్‌కి చెప్పండి.

గదిని ఎంచుకునే ముందు గోడలో చెమ్మ ఉందేమో చూడండి. మా మొదటి యాడ్‌లో "ముందు" షాట్ భయంకరంగా ఉండాలని కింద ఉప్పు పట్టిన గోడ ఏరుకున్నాం. పుట్టీ, రంగు వేసి చూపించాం. ఒక్క వానాకాలం గడిచేసరికి అది బుడగలెక్కి ఊడింది. ఇంటాయన వచ్చి, "మీ యాడ్ నా ఇంట్లోనే అబద్ధమైంది" అని అందరి ముందూ అన్నాడు. చెమ్మకి మందు పుట్టీ కాదు, నీరు ఎక్కే దారి ఆపాలి. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకి అంటించి ఒక రోజు వదిలేయండి. తీసినప్పుడు గోడవైపు నీటి చుక్కలు కనబడితే ఆ గోడ వదిలేసి వేరేది చూసుకోండి. సున్నం రాలే పొడి గోడ దొరికితే చాలు, అత్త చీరకి అంటడానికి అదే సరిపోతుంది.

ధర పెడతారా లేదా అన్నది మీ ఇష్టం. పెడితే మాత్రం టైల్ ధర చదరపు అడుగుకా, పెట్టెకా అన్నది పక్కనే రాయండి. మేం అది రాయక రెండు రోజులు ఫోన్లకి సమాధానం చెప్పుకున్నాం. ఆఖరి షాట్‌లో "తెర మీద రంగు కొద్దిగా తేడా ఉండొచ్చు, షేడ్ కార్డు షాపులో చూడండి" అని కింద ఒక వరుస వేయండి. రెండో యాడ్ తర్వాత బావ షాపుకి వచ్చినవాళ్లు ఆ షేడ్ నంబరు ఫోన్లో ఫోటో తీసుకుని తెచ్చారు. ఒకాయన పేరు మర్చిపోయి, "అత్త చీరకి అంటనిది" ఇమ్మన్నాడు, బావ వెతుక్కోకుండా శాటిన్ బకెట్ తీసి ముందు పెట్టాడు.