చేబదులా, పసుపు కుంకుమా? కాగితం లేనప్పుడు రుజువు ఎవరు చెయ్యాలి?

ప్రశ్న: 2023 ఆగస్టులో మా బావ ఇంటి స్లాబు టైములో 5 లక్షలు ఆయన అకౌంటుకి పంపాను. వీలు చూసుకుని ఇస్తానన్నాడు. నోటు రాయించుకోలేదు. ఇప్పుడు అడిగితే "మీ అక్కకి పసుపు కుంకుమ కింద ఇచ్చావు కదా" అంటున్నాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ ఉంది. గిఫ్ట్ అని ఆయన నిరూపించుకోవాలా, అప్పు అని నేను నిరూపించాలా?

జవాబు: ముందు మీరే. నేను లాయర్ని కాదు, మా నాన్న వేసిన ఇలాంటి దావాలో దాదాపు నాలుగేళ్లు ఆయనతో పాటు కోర్టు మెట్లెక్కినవాణ్ణి. మా లాయరు గారు మొదటి రోజు ఒక ప్రశ్న వేశారు: "రెండు పక్షాలూ ఒక్క సాక్ష్యం కూడా ఇవ్వకుండా కూర్చుంటే ఎవరు ఓడిపోతారు?" దావా వేసినవాళ్లే కదా. రుజువు భారం వాళ్లదే అన్నమాట. పాత సాక్ష్య చట్టం 101, 102 సెక్షన్లలో ఉన్న ఈ సూత్రమే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 104, 105 సెక్షన్లుగా వచ్చింది.

మీ స్టేట్‌మెంట్ డబ్బు వెళ్లిందని చెబుతుంది. ఎందుకు వెళ్లిందో చెప్పదు. అయితే మీ బావ "తీసుకున్నాను, కానీ అది కానుక" అన్నాడంటే తీసుకున్న సంగతి ఒప్పుకున్నట్టే. అది అప్పేనని నమ్మించే ఆధారం మీరు కొంతయినా చూపిస్తే, అప్పుడు ఆయన తన కథ చెప్పుకోవాలి. ఎప్పుడు ఇచ్చారు, ఏ సందర్భంలో, ఎవరి ఎదుట అనేది ఆయనే చూపించాలి. సివిల్ కోర్టులో అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, రెండు కథల్లో ఏది ఎక్కువ నమ్మేలా ఉందన్నదే చూస్తారు. ఒకవేళ కానుకేనని కోర్టు నమ్మితే మాత్రం తిరిగి రాదు. డబ్బు చేతికి అందడంతోనే కానుక పూర్తయిపోతుంది, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

మా సంగతి చెబుతాను. 2015 ఫిబ్రవరిలో మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, షాపు పెట్టుకుంటానంటే నాన్న నాలుగున్నర లక్షలు ఇచ్చారు. మూడు లక్షలు బ్యాంకు ద్వారా, మిగతా లక్షన్నర నగదు. ఆ లక్షన్నర అమ్మ గొలుసు కుదువ పెట్టి తెచ్చింది. బావమరిది దగ్గర నోటేమిటని నాన్న రాయించుకోలేదు. రెండేళ్లు దాటాక గట్టిగా అడిగితే, "మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి బావగారు ప్రేమతో పెట్టారు" అన్నాడు. లీగల్ నోటీసుకి జవాబులోనూ అదే రాయించాడు. నగదు సంగతి మాత్రం అసలు లేదన్నాడు.

మాకు పనికొచ్చిన మొదటి ఆధారం వడ్డీ. మార్చి నుంచి ఆరు నెలలు, ప్రతి నెలా అయిదో తేదీ అటూ ఇటూగా నాన్న అకౌంటులో 4,500 పడింది. తర్వాత ఆగిపోయింది. మేం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, స్టేట్‌మెంట్ తిరగేస్తూ లాయరు గారే పట్టుకున్నారు. నాలుగున్నర లక్షలకి రూపాయి వడ్డీ లెక్క కడితే నెలకి సరిగ్గా 4,500. కానుకకి ఎవరూ వడ్డీ కట్టరు. పైగా మూడు లక్షలే వచ్చాయన్న మనిషి నాలుగున్నరకి వడ్డీ ఎందుకు కట్టాడు? "మూడు లక్షలకి రూపాయిన్నర వడ్డీ" అనడానికి కూడా దారి లేదు, ఎందుకంటే అసలు అప్పే కాదని రాసిచ్చుకున్నాడు. "అక్కకి మందుల ఖర్చుకి పంపాను" అన్నాడు. బావగారి అకౌంటుకా, సరిగ్గా ఆరు నెలలేనా అని క్రాస్‌లో అడిగితే జవాబు లేదు. గొలుసు కుదువ పెట్టిన రసీదు తేదీ, నాన్న చెప్పిన తేదీ కలిశాయి. రసీదు ఒక్కటే ఉంటే నగదు విషయం తేలేది కాదు. డబ్బు మన ఇంటికి వచ్చినట్టు తప్ప అవతలి చేతికి చేరినట్టు అది చూపించదు.

రెండోది ఆయనే తెచ్చిచ్చాడు. ఫంక్షన్ నిజంగా జరిగిందని చూపించడానికి చదివింపుల పుస్తకం కోర్టులో పెట్టాడు. అందులో నాన్న పేరు పక్కన 5,116 అని ఉంది. అది రాసింది నేనే, ఆ రోజు పెన్ను నా చేతిలో ఉంది! ఫంక్షన్ ఏప్రిల్లో, డబ్బు ఫిబ్రవరిలో. 5,116 పుస్తకంలో రాయించుకున్నవాడు మూడు లక్షల కానుక ఎక్కడా రాసుకోలేదేమని అడిగారు. తీర్పు 2021 చివర్లో మొత్తం డబ్బుకీ మా వైపు వచ్చింది.

మీ కేసులో కష్టం ఏమిటంటే, ఆడపడుచుకి పసుపు కుంకుమ ఇవ్వడం మనలో మామూలే కాబట్టి జడ్జికి అది వింతగా అనిపించదు. మా మామయ్య కథ కన్నా మీ బావ కథ నమ్మించడం తేలిక. కానీ పసుపు కుంకుమ ఆడపిల్లకి పెడతారు, మీరు పంపింది బావ అకౌంటుకి. అక్క పేరు మీద అకౌంటు ఉండి కూడా ఆయనకే పంపి ఉంటే అది మీకు కలిసొస్తుంది. పెళ్లప్పుడు మీ వాళ్లు పసుపు కుంకుమగా పొలమో స్థలమో ముందే ఇచ్చి ఉంటే ఆ దస్తావేజు బయటికి తీయండి. ఆ 5 లక్షలు మీరు పర్సనల్ లోన్ తీసి పంపారా? అయితే ఇంకా మంచిది, ఈఎంఐ కడుతూ కానుకలిచ్చేవాళ్లు అరుదు.

నోటీసు పంపక ముందే వాట్సాప్‌లో మామూలుగా మాట్లాడండి. నోటీసు వెళ్లాక ఆయన ప్రతి మాటా లాయర్ని అడిగే చెబుతాడు. "అది అప్పు కాదా?" అని అడగకండి, కాదు అనేస్తాడు. "ఈ దసరాకి ఎంత సర్దగలవు బావా?" అని అడగండి. "ఇప్పుడు చేతిలో లేవు, సంక్రాంతికి చూద్దాం" అన్న ఒక్క ముక్క చాలా పని చేస్తుంది. ఆ ఫోను మార్చకండి, చాట్ చెరపకండి. స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు, దాంతో పాటు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా కోర్టుకి పెట్టాలి. లాయరు తయారు చేయిస్తారు.

ఇక గడువు. ఇక్కడే ఎక్కువమంది మునుగుతారు. ఫలానా తేదీకి ఇస్తానన్న ఒప్పందం లేని చేబదులుకి మూడేళ్ల గడువు డబ్బు ఇచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. మీరు అడిగిన రోజు నుంచీ కాదు, ఆయన ఎగ్గొట్టిన రోజు నుంచీ కాదు. మీకు 2026 ఆగస్టులో ఆ తేదీ దాటకుండా దావా కోర్టులో పడాలి. లీగల్ నోటీసు ఇస్తే గడువు పెరగదు. మేం ఆ భ్రమలో ఉండి, చివరికి 11 రోజులు మిగిలుండగా 2018లో వేశాం. గడువు లోపల ఆయన బాకీ ఉన్నానని సంతకంతో రాసిస్తే, లేదా కొంత సొమ్ము చెక్కు ద్వారా ఇస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. నోటి మాటకి ఆ బలం లేదు. వాట్సాప్ మెసేజ్‌ని నమ్ముకుని కూడా గడువు దాటనివ్వకండి, అది అప్పుందని చూపడానికే వాడుకోండి. గడువు దాటిపోయినా, పాత బాకీ తీరుస్తానని ఆయన సంతకం చేసి రాసిస్తే అది చెల్లుతుంది. కానీ పసుపు కుంకుమ అంటున్న మనిషి అలా రాసిస్తాడా అన్నది మీకే తెలియాలి.

దావాకి ముందే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెడితే లోక్ అదాలత్‌కి పిలుస్తారు. ఫీజు ఉండదు, అక్కడ రాజీ కుదిరితే అది డిక్రీతో సమానం. మేం ఆ దారి తొక్కలేదు, నాన్నకి అప్పటికే పంతం వచ్చేసింది. మీరు అర్జీ పెట్టినా ఆగస్టు తేదీ మాత్రం లాయరు డైరీలో రాయించే ఉంచండి. అక్కని సాక్షిగా పిలిచే ఆలోచన ఉంటే మానుకోండి. మా అమ్మని మామయ్య తరఫు లాయరు గంటసేపు క్రాస్ చేశాడు, ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు.