రేణిగుంటలో ఇచ్చిన పెట్టెలు డల్లాస్‌లో దిగుతాయా?

"రేణిగుంట–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–దోహా–డల్లాస్ ఇంకో టికెట్, రెండూ విడివిడిగా తీసుకుంటే బాగా తగ్గుతోంది. అమ్మానాన్న మొదటిసారి వెళ్తున్నారు. లగేజీ రేణిగుంటలో ఇచ్చేస్తే నేరుగా డల్లాస్‌లోనే తీసుకోవచ్చా? మధ్యలో ఎన్ని గంటలు ఉండాలి?"

నేరుగా వెళ్లదండీ. హైదరాబాద్‌లో బెల్టు మీద నుంచి తీసుకుని, మళ్లీ ఇవ్వాల్సిందే. మా అత్తామామల్ని పంపినప్పుడు నేను రేణిగుంట కౌంటర్ దగ్గరే నిలబడి, అమెరికా టికెట్ ప్రింటు చూపించి అడిగాను. ఆ అమ్మాయి విసుక్కోకుండా పెట్టెకు కట్టిన ట్యాగ్ తిప్పి చూపించింది. దాని మీద పెద్దక్షరాల్లో HYD అని ఉంది. "మా సిస్టమ్‌లో మీ ప్రయాణం హైదరాబాద్‌తో అయిపోయింది సార్. ఆ తర్వాతి టికెట్ నాకు కనిపించదు" అంది. అసలు సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంది.

ట్యాగ్ మీద పడే ఊరు టికెట్‌ను బట్టి వస్తుంది. ఒకే టికెట్ మీద రెండు సంస్థల విమానాలు ఉన్నాయంటే, వాటి మధ్య ముందే ఒప్పందం ఉన్నట్టు: ఒకరి పెట్టె ఇంకొకరు అందుకోవాలి, పోతే ఎవరు వెతకాలి, డబ్బు ఎలా పంచుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. అప్పుడు ట్యాగ్ మీద డల్లాస్ కోడ్ DFW పడుతుంది. విడి టికెట్లకు ఆ ఏర్పాటు వర్తించదు. ఒప్పందం ఉన్న సంస్థలు కూడా విడి టికెట్లకు లగేజీ కలపడం చాలావరకు మానేశాయి. తక్కువ ఛార్జీల సంస్థల్లో చాలావాటికి బయటి వాళ్లతో ఆ ఒప్పందాలే తక్కువ. కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా లాభం లేదు.

లగేజీ మళ్లీ ఇవ్వడం కష్టమేమీ కాదు. హైదరాబాద్‌లో దేశీయం, అంతర్జాతీయం ఒకే టెర్మినల్. కింద బెల్టు దగ్గర పెట్టెలు తీసుకుని బయటికి వచ్చి, లిఫ్టులో పైకి వెళ్లి, గేటు దగ్గర పాస్‌పోర్టు, అంతర్జాతీయ టికెట్ చూపించి లోపలికి వెళ్తారు. పెద్దవాళ్లయితే వీల్‌చైర్ రెండు టికెట్లలోనూ విడివిడిగా అడగాలి. ఒకదాంట్లో అడిగింది రెండోదానికి చేరదు.

అసలు టెన్షన్ ఆలస్యం దగ్గర. ఒకే టికెట్ అయితే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పినప్పుడు తర్వాతి విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడి టికెట్లలో దోహా వెళ్లే సంస్థకు మీవాళ్లు రేణిగుంట నుంచి వస్తున్నారనే తెలియదు. వాళ్ల లెక్కలో మీరు "నో షో", అంటే చెప్పకుండా రానివాళ్లు. అలా పడితే ఆ విమానం ఒక్కటే కాదు, అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దవుతుంది. మా బంధువుల ఇంట్లో ఇదే జరిగింది. రేణిగుంటలో విమానం కదలకుండా కూర్చున్నంతసేపూ "హైదరాబాద్ వెళ్లాక మాట్లాడదాంలే" అనుకున్నారు. వెళ్లేసరికి అంతర్జాతీయ విమానం ఎగిరిపోయింది. అది ఎగరకముందే ఫోన్ చేసి తేదీ మార్చమని అడిగి ఉంటే, మార్పు ఛార్జీ, ధర తేడా కట్టి చాలావరకు బయటపడేవాళ్లు. అందుకని ఆ సంస్థ కస్టమర్ కేర్ నంబరు, పీఎన్ఆర్ రెండూ ఒక కాగితం మీద రాసి మీ నాన్నగారి జేబులో పెట్టండి. ఆయనకు కుదరకపోతే మీరైనా ఇంటి నుంచి చేయొచ్చు.

ఇక ఎన్ని గంటలు అన్నది. దోహా విమానం తెల్లవారుజామున 3:45కి అనుకుందాం. కౌంటర్ గంట ముందు మూసేస్తారనుకుంటే (కొన్ని సంస్థలు ఇంకా ముందే మూస్తాయి, టికెట్‌లో చూడండి) మీకున్న అసలు గడువు 2:45. రేణిగుంట విమానం రాత్రి 8:30కి దిగితే, పెట్టెలు చేతికొచ్చేసరికి 9:15 అవుతుంది. ఐదున్నర గంటలు చేతిలో ఉన్నట్టే. రెండు గంటలు ఆలస్యమైనా ఇబ్బంది లేదు. కానీ ఆ విమానం రద్దయితే? ఆ రాత్రికి ఇంకో విమానం దొరక్కపోవచ్చు. రోడ్డు మీద హైదరాబాద్‌కు పది గంటలకు పైనే పడుతుంది, రైలు రాత్రంతా. అంటే ఆ ఐదున్నర గంటలూ వృథా.

అందుకే నేను గంటలు లెక్కపెట్టను. "ఈ విమానం రద్దయితే గడువులోపు చేరడానికి ఇంకో దారి ఉందా" అని చూస్తాను. ఉదయం విమానమైతే, అది పోయినా మధ్యాహ్నమో సాయంత్రమో ఇంకోటి ఉంటుంది, మరీ కాదంటే కారులోనైనా అర్ధరాత్రికి చేరొచ్చు. వెయిటింగ్ ఎక్కువే, కానీ పెద్దవాళ్లను ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో కాసేపు పడుకోబెడితే సరిపోతుంది. కౌంటర్ మామూలుగా 3 గంటల ముందే తెరుస్తారు కాబట్టి అంతకుముందు పెట్టెలు మన దగ్గరే ఉంటాయి, వాటితో ఎక్కడ కూర్చోవాలో ముందే అనుకోండి.

ఇంకో లెక్క చాలామంది మరిచిపోతారు. అమెరికా టికెట్ మీద మనిషికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారనుకుంటే, ఇద్దరికి 92 కిలోలు. విడి దేశీయ టికెట్‌కు మామూలుగా మనిషికి 15 కిలోలే, అంటే ఇద్దరికి 30. మిగతా 62 కిలోలకు డబ్బు కట్టాలి. కట్టక తప్పదు కాబట్టి ఆన్‌లైన్‌లో ముందే కొనండి, కౌంటర్ దగ్గర కంటే తక్కువ పడుతుంది. ఆవకాయ సీసాలు, లడ్డూలు, కొత్త చీరలు ఎంత తగ్గించినా మన ఇళ్లలో 92 కిలోలు నిండకుండా ఉండవు. "బాగా తగ్గుతోంది" అన్నారు కదా, ఈ ఖర్చు కలిపి మళ్లీ చూడండి. ఒకే టికెట్‌లో అయితే మామూలుగా దేశీయ భాగానికీ అంతర్జాతీయ లగేజీ పరిమితే వర్తిస్తుంది.

నన్నడిగితే, తిరుపతి నుంచి వెళ్లేవాళ్లకు ఈ విడి దేశీయ టికెట్ అవసరమే తక్కువ. చెన్నై ఎయిర్‌పోర్ట్ కారులో మూడు, నాలుగు గంటలు. తిరుత్తణి మీదుగానైనా, ఊత్తుకోట మీదుగానైనా రెండు దారులున్నాయి, పెట్టెలు తూచే వాళ్లుండరు. చిత్తూరు వైపు వాళ్లకు బెంగళూరు అలాంటిదే. ఛార్జీలో తేడా మరీ ఎక్కువైతేనే హైదరాబాద్ వెళ్తాను.

వెబ్‌సైట్లో ఒకే ధరకు రెండు విమానాలు కనిపించినా, పీఎన్ఆర్‌లు రెండు వస్తే, లేదా "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటే అది విడి టికెట్టే. ఇలాంటిది దుబాయ్, దోహాల్లో మారేదైతే అసలు ముట్టుకోవద్దు. అక్కడ పెట్టె తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటి ఆ దేశంలోకి వెళ్లాలి, దానికి అక్కడి ప్రవేశ నిబంధనలు, వీసా చూసుకోవాలి. ఇన్సూరెన్స్ ఉందిలే అని ధైర్యపడకండి, విడి టికెట్ల కనెక్షన్ తప్పితే చాలా పాలసీలు ఇవ్వవు.

తిరుగు ప్రయాణంలో ఇంత భయం అక్కర్లేదు. ఒకే టికెట్ అయినా హైదరాబాద్‌లో సాధారణంగా పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాల్సిందే. ఇమిగ్రేషన్ క్యూకీ, బెల్టుకీ కలిపి నాలుగు గంటలు వదిలి రేణిగుంట విమానం తీసుకోండి. అది తప్పినా పోయేది చిన్న టికెట్ ధరే, రాత్రి రైలుకు ఇంటికి వచ్చేస్తారు.