మూడు కారణాలు, మూడు ఆనవాళ్లు

"నా వయసు 27. పెళ్లయి నాలుగు నెలలైంది. భార్యతో ఉన్నప్పుడు అంగస్తంభన మొదలై మధ్యలోనే పోతోంది. ఆందోళనకు ఏడాదిగా ఒక మాత్ర వేసుకుంటున్నాను. ఇది ఒంట్లో లోపమా, మందు వల్లా, భయమా? ఎలా తేల్చుకోవాలి?"

నేను వైద్యుణ్ణి కాను. అయితే 2019లో, 29 ఏళ్ల వయసులో, ఇదే చిక్కుతో మూడు నెలలు తిరిగాను కనుక, ఆ మూడింటినీ నా విషయంలో ఎలా విడదీశారో చెప్పగలను.

ఆ సంవత్సరం ఫిబ్రవరిలో నా పెళ్లి జరిగింది. అంతకు ఎనిమిది నెలల ముందు నుంచీ, ఉన్నట్టుండి గుండె దడ వచ్చి ప్రాణం పోతున్నట్టు అనిపించే జబ్బుకు, రోజుకు 10 మిల్లీగ్రాముల ఎస్సిటలోప్రామ్ వాడుతున్నాను. పెళ్లయిన కొత్తలో స్తంభన బాగానే ఉండేది గానీ, ఎంతసేపటికీ స్ఖలనం అయ్యేది కాదు. అలసిపోయి సగంలో ఆపవలసి వచ్చేది. మూడో వారానికి, గదిలోకి అడుగు పెట్టగానే "ఈ రోజైనా అవుతుందా" అన్న ఆలోచన ముందు వచ్చేది, స్తంభన వెనక్కు పోయేది.

మొదట వెళ్లింది గోడల మీద ప్రకటనలు రాయించే ఒక క్లినిక్‌కు. అక్కడ సాయంత్రం ఆరు గంటలకు, టిఫిన్ తిన్న తరువాత, రక్తం తీశారు. టెస్టోస్టెరాన్ 285 వచ్చింది. "తక్కువగా ఉంది, ఇంజెక్షన్లు మొదలుపెడదాం" అన్నారు. నేను వాడుతున్న మాత్రల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "నరాల బలహీనత" అనే మాట మాత్రం నాలుగు సార్లు వాడారు. ఏ నరం, ఎక్కడ బలహీనపడిందని అడిగితే జవాబు లేదు. మన ఊళ్లలో ఈ రెండు మాటలు పోగుచేసిన సొమ్ము లెక్కగడితే ఒక వంతెన కట్టవచ్చునని నా అభిప్రాయం.

ఇంజెక్షన్లకు డబ్బు కట్టే ముందు, బంధువు ఒకాయన మాట మీద విజయవాడలో ఒక యూరాలజిస్టును కలిశాను. ఆయన ఆ రిపోర్టును తిరగేసి, వెనుక ఉన్న తెల్లకాగితం మీద ఒక గీత గీశారు. "మీకు దడ ఎప్పుడు మొదలైంది? మాత్ర ఎప్పుడు మొదలైంది? ఆలస్యం ఎప్పటి నుంచి? స్తంభన పోవడం ఎప్పటి నుంచి?" అని అడుగుతూ ఒక్కొక్క నెలనూ ఆ గీత మీద గుర్తించారు. తరువాత సిగ్గుపడకుండా చెప్పమని రెండు ప్రశ్నలు వేశారు: తెల్లవారుజామున స్తంభన ఉంటున్నదా, ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటున్నది?

ఉదయం మామూలుగానే ఉంటున్నదని, ఒంటరిగా ఉన్నప్పుడు స్తంభన నిలుస్తున్నదని, అయితే స్ఖలనం అప్పుడు కూడా చాలా ఆలస్యమవుతున్నదని చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి, "రెండు వేరువేరు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి" అన్నారు. ఒంటరిగా ఉన్నా, భార్యతో ఉన్నా ఒకే తీరుగా కనిపించే ఆలస్యం మందు చేసినది. మెదడులో సెరోటోనిన్ అనే రసాయనాన్ని పెంచే ఈ జాతి మాత్రలు స్ఖలనాన్ని ఆలస్యం చేయడం, కోరికను తగ్గించడం చాలామందిలో కనిపిస్తుంది, కొందరిలో స్తంభననూ తగ్గిస్తాయి. భార్య దగ్గర మాత్రమే కనిపించే స్తంభన లోపం భయం చేసినది. భయపడినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ వంటి రసాయనాలు అంగంలోని రక్తనాళాలను బిగిస్తాయి, స్తంభనకు ఆ నాళాలు సడలాలి. పరీక్ష హాలులో కూర్చున్నవాడికి ఆకలి వేయనట్టే ఇదీ.

మరి శారీరక లోపం ఎలా ఉంటుందని అడిగాను. అది సాధారణంగా నెలల తరబడి మెల్లగా వస్తుందని, ఉదయం, ఒంటరిగా, భార్యతో అనే తేడా లేకుండా అన్నిచోట్లా తగ్గుతుందని చెప్పారు. మధుమేహం, పొగతాగడం, బైకు ప్రమాదంలో కటి భాగానికి తగిలిన దెబ్బ వంటివి అటువైపు చూపిస్తాయి. అంగానికి రక్తం తెచ్చే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పే కనుక, గుండె నాళాల కంటే ముందే అక్కడ లోపం బయటపడవచ్చు. అందుకని చిన్న వయసువాడినని చక్కెర పరీక్ష మానకూడదన్నారు. ఉదయపు స్తంభన మంచి ఆధారమే గానీ తుది తీర్పు కాదని కూడా హెచ్చరించారు. సరిగా నిద్రలేకపోయినా, మనసు బాగా కుంగి ఉన్నా అది కనిపించకపోవచ్చు.

నాకు మూడు నెలల చక్కెర సగటు, కొవ్వు, థైరాయిడ్ పరీక్షలతో పాటు, ఉదయం ఎనిమిదింటికి పరగడుపున టెస్టోస్టెరాన్ మళ్లీ చేయించారు. ఈసారి 430. మిగతావన్నీ మామూలే. యువకుల్లో ఆ హార్మోను ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. భోజనం చేస్తే ఇంకా తగ్గుతుంది. ఉదయం తీసిన రెండు నమూనాల్లోనూ తక్కువగా ఉంటేనే లోపమని అంటారు. ఆ ఇంజెక్షన్లు వేయించుకుని ఉంటే వీర్యకణాల ఉత్పత్తి పడిపోయే ప్రమాదం ఉండేదట. పిల్లల కోసం చూస్తున్న కొత్త పెళ్లికొడుకుకు అది మంచి కానుకే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మందే కారణమని వినగానే ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశాను. మూడో రోజుకు తల తిప్పితే లోపల కరెంటు షాకు కొట్టినట్టు ఉండేది, భార్య మంచినీళ్లు కావాలా అని అడిగినా కోపం వచ్చేది. నాలుగో రోజు మానసిక వైద్యురాలి దగ్గరకు పరుగెత్తి చీవాట్లు తిన్నాను. ఏడాదికి దగ్గరగా వాడాను, నెలలుగా దడ రాలేదు కనుక ఆవిడ మాత్రను మళ్లీ మొదలుపెట్టించి, తరువాత 5 మిల్లీగ్రాములకు దించారు. మూడు వారాల్లో ఆలస్యం చాలావరకు తగ్గింది. దడ అదుపులో లేనివారికి ఇలా దించరు, మందు మార్చడమో మరో ఉపాయమో చూస్తారు. అది రాసిన వైద్యులు తేల్చవలసిన విషయం.

విచిత్రమేమంటే మందు తగ్గినా భయం పోలేదు. దానికి యూరాలజిస్టు ఇచ్చిన చికిత్స నాకు మొదట నవ్వు తెప్పించింది: మూడు వారాలు సంభోగం పూర్తిగా నిషేధం. తాకడం, నిమరడం వరకే, అదీ ఇద్దరూ వంతులవారీగా. ఈ మాట చెప్పడానికి నా భార్యను కూడా లోపలికి పిలిచి, "అమ్మా, ఇది మీ మీద ఇష్టం లేక కాదు" అని ఆయన అన్నప్పుడు, ఆమె ముఖంలో మూడు నెలల బరువు దిగడం చూశాను. నెగ్గవలసిన పరీక్ష లేదు కనుక రెండో వారానికే స్తంభన తనంతట తాను నిలవసాగింది.

నిషేధం తీరాక ధైర్యం కోసం, స్తంభనకు తోడ్పడే సిల్డెనాఫిల్ 50 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు రాసి ఇచ్చారు. గంట ముందు, కడుపు నిండా నూనె వంటకాలు తినకుండా వేసుకోవాలి. కోరిక లేనిదే అది పనిచేయదు. ఛాతీనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారు ముట్టుకోకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. స్తంభన నాలుగు గంటలు దాటితే ఆసుపత్రికి పరుగెత్తాలి. నేను రెండు వాడాను. మిగిలిన రెండు అల్మారాలో గడువు తీరిపోయాయి.

మీ ప్రశ్నలో మాత్ర పేరు లేదు, ఒంటరిగా ఉన్నప్పుడు ఎలా ఉంటున్నదో కూడా లేదు. వైద్యుని దగ్గరకు వెళ్లే ముందు ఆ రెండూ, మాత్ర మొదలైన నెల, ఇబ్బంది మొదలైన నెల ఒక కాగితం మీద రాసుకుని, ఆ మాత్ర అట్టను కూడా జేబులో వేసుకు వెళ్లండి.