పెయింటింగ్‌కి ఫార్మల్ అనాలిసిస్ ఎలా రాయాలి?

లైన్, కలర్, కంపోజిషన్, స్పేస్ చూసి రాయమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కథ, చిత్రకారుడి జీవితం పక్కన పెట్టేయండి. కంటికి ఏం కనిపిస్తోంది, అది మన చూపుని ఎటు లాగుతోంది, అంతే. లియొనార్డో ‘లాస్ట్ సప్పర్’ చూడండి. సీలింగ్ గీతలు, పక్క గోడల అంచులు వెనక్కి వెళ్తూ క్రీస్తు తల దగ్గర కలుస్తాయి, అందుకే ఎక్కడ చూసినా కన్ను అక్కడికే చేరుతుంది. గదికి లోతు వచ్చిందీ ఆ గీతలతోనే, కాబట్టి లైన్, స్పేస్ కలిపే రాయొచ్చు. శిష్యులు ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులుగా కదిలిపోతుంటే, మధ్యలో ఆయనొక్కడే త్రిభుజంలా నిశ్చలంగా ఉన్నాడు. ఇది కంపోజిషన్. కలర్ దగ్గరే చాలామంది ‘ఎరుపంటే త్యాగం’ అని రాసేస్తారు, అది అర్థం చెప్పడం. ఎరుపు, నీలం బట్టలు వెనక కిటికీ వెలుగు ముందు ఆయన్ని ఎలా విడిగా చూపిస్తున్నాయో రాయండి. బొమ్మ బాగా దెబ్బతింది కాబట్టి రంగుల ఛాయల మీద మరీ గట్టిగా తీర్పులివ్వకండి.