అన్నం మానేశాను, జిమ్‌కి వెళ్తున్నాను.. అయినా ఈ నీరసమేంటి?

ప్రశ్న: నా వయసు 27, బరువు 68 కిలోలు. ఐటీ ఉద్యోగం. పెళ్లై ఏడాదిన్నర. పీసీఓఎస్ ఉందన్నారు. రెండు నెలలుగా పొద్దున్నే బ్లాక్ కాఫీ తాగి జిమ్‌కి వెళ్తున్నా. వచ్చాక రాగిజావ, మధ్యాహ్నం సలాడ్. అన్నం పూర్తిగా మానేశాను. అక్క వాడే మెట్‌ఫార్మిన్ నేనూ వేసుకుంటున్నా. నాలుగు నెలలుగా పీరియడ్స్ లేవు. జిమ్‌లో కళ్లు తిరుగుతున్నాయి, సాయంత్రం నాలుగింటికి ఒళ్లు సహకరించడం లేదు. ఏ ప్రొటీన్ పౌడర్ మంచిది? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పౌడర్ సంగతి తర్వాత చూద్దాం. పీరియడ్స్ లేవన్న మాట మీరు మధ్యలో ఎక్కడో రాశారు గానీ, నాకు ముందు కనబడింది అదే. రేపు పొద్దున్నే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి. పీసీఓఎస్ ఉంటే ఆలస్యం మామూలేలే అని వదిలేయకండి. ఇందులో అండం ఆలస్యంగా విడుదలవుతుందే తప్ప అసలు విడుదల కాదని కాదు. మెట్‌ఫార్మిన్ వాడితే కొందరిలో అది మళ్లీ మొదలవుతుంది కూడా. గర్భం కాదని తేలితే ఈ వారంలోనే గైనకాలజిస్టును కలవండి. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందం కావచ్చు. స్కాన్ చూసి, అవసరమైతే కొన్ని రోజులు మాత్రలిచ్చి నెలసరి తెప్పిస్తారు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ కూడా చూడాలి.

ఇక అక్క మాత్రలు. మెట్‌ఫార్మిన్ మంచి మందే, పీసీఓఎస్‌లో మేమూ రాస్తాం. కానీ రాసే ముందు కిడ్నీల పరీక్ష చూస్తాం, తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతాం, భోజనంతో వేసుకోమంటాం. ఈ మందు ఒక్కటే సాధారణంగా షుగర్‌ను మరీ పడిపోనివ్వదు. కానీ మీలా రాత్రి నుంచి ఏమీ తినకుండా, కాఫీ మీద బరువులెత్తేవాళ్ల సంగతి వేరు. పైగా కడుపులో వికారం పెట్టి ఉన్న కాస్త తిండినీ తిననివ్వదు. ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గుతుంది. అక్కకు సరిపడిన డోసు మీకు సరిపడుతుందని ఎవరు చెప్పారమ్మా? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో ఇంకొకరి చీటీ పట్టుకునే వస్తారు. డాక్టర్‌ని కలిసేదాకా ఆపేయండి. కలిసినప్పుడు ఎన్నాళ్లు, ఎంత డోసు వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

ఇప్పుడు నీరసం. పీసీఓఎస్ ఉన్న చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అందుకని శరీరం దాన్ని ఎక్కువగా తయారు చేస్తుంది. ఆ ఎక్కువ ఇన్సులినే అండాశయాల చేత మగ హార్మోన్లను ఎక్కువ చేయిస్తుంది. అన్నం మానేసి మీరు రాగిజావ తాగుతున్నారు చూశారా, అక్కడే పొరపాటు. రాగులు మంచివే. కానీ పిండి చేసి పలుచగా కాస్తే నమిలే పని లేదు, త్వరగా అరిగి షుగర్‌ను గబుక్కున పెంచుతుంది. మధ్యాహ్నం సలాడ్‌లో ఆపేంత తిండే లేదు. నాలుగింటికి ఒళ్లు కూలబడక ఏం చేస్తుంది? ఆ ఆకలికి బిస్కెట్లు, టీ, రాత్రికి కడుపు నిండా తిండి. మీరు రాయలేదు గానీ, ఇలాంటి దినచర్యలో మామూలుగా జరిగేది ఇదే.

అన్నాన్ని మధ్యాహ్నానికి తిరిగి తెచ్చుకోండి. ఒక కప్పు చాలు. ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిని, తర్వాత అన్నం కలుపుకోండి. ఈ వరుస మార్చినా షుగర్ నెమ్మదిగా పెరుగుతుంది. పక్కన రెండు గుడ్లో, చికెనో, గట్టి పెరుగో ఉండాలి. తిన్నాక 10 నిమిషాలు ఆఫీసు కారిడార్‌లో నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. బరువులెత్తే వ్యాయామం వారానికి రెండు మూడుసార్లు చేయడం మీకు మేలే, మానొద్దు. కాకపోతే వెళ్లే ముందు ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు తినండి. వచ్చాక జావకు బదులు పెసరట్లు రెండు వేసుకోండి. పొట్టు పెసలతో చేసినవి, ఉప్మా లేకుండా. నాలుగింటికి సెనగల గుగ్గిళ్లు ఒక కప్పు.

మీ బరువుకు రోజుకు దాదాపు 70 గ్రాముల ప్రొటీన్ చాలు. గుడ్డుకు 6 గ్రాములు, అరకప్పు పచ్చి పెసలకు 20 గ్రాములకు పైనే వస్తుంది. ఇలా లెక్కేసుకుంటే, మాంసం తినేవాళ్లకు పౌడర్ అవసరం చాలావరకు రాదు. కిడ్నీ, కాలేయ పరీక్షలు చూడకుండా ఫలానా డబ్బా కొనమని నేను చెప్పను.

ఇలా మూడు వారాలు చేసి, సాయంత్రం నీరసం తగ్గిందో లేదో రాసుకోండి. తూకం యంత్రం అప్పుడే కదలకపోవచ్చు, టెన్షన్ పడకండి. నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, ఐరన్ నిల్వలు చూడాలి. మీ వయసులో కళ్లు తిరగడానికి రక్తహీనత చాలా మామూలు కారణం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తర్వాత చేసే షుగర్ పరీక్ష ఒకసారి చేయించండి. పరగడుపు షుగర్ బాగున్నా, లోపం ఇందులో బయటపడొచ్చు. మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. ఈలోగా జిమ్‌లో స్పృహ తప్పినా, గుండె దడతో చెమటలు పట్టినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.